‘ఎక్కడ పెట్టమంటారు?’ అని అడిగే ముందు

చిట్టీ గడువు తీరి కొంత, ఏళ్ల తరబడి కూడబెట్టింది కొంత కలిసి ఒక ఇంట్లో ఎనిమిది లక్షలు చేరాయనుకుందాం. డబ్బు ఖాతాలో పడ్డాక కనిపించిన ప్రతివారినీ ఒకటే మాట అడుగుతారు: ‘‘ఎక్కడ పెట్టమంటారు?’’

బ్యాంకులో పనిచేసే పక్కింటాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటాడు. పాలసీలు కట్టించే పెదనాన్న కొడుకు ఇరవై ఏళ్ల ఎండోమెంట్ పాలసీ కాగితాలు తెచ్చి ముందు పెడతాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ‘‘ఇండెక్స్ ఫండ్‌లో వేసెయ్ మామయ్యా’’ అంటాడు. బావమరిది బైపాస్ రోడ్డు పక్క కొత్త వెంచర్‌లో ప్లాటు చూపిస్తానంటాడు. వీళ్లలో మోసగాడు ఎవరూ లేడు. ఎవరికి కలిసొచ్చింది వాళ్లు చెబుతున్నారు, అంతే. ఈ డబ్బు మళ్లీ ఎప్పుడు కావాలి, దేనికి కావాలి, రేపు జీతం ఆగితే ఇల్లెలా గడుస్తుంది అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినాయనా చెప్పలేదు.

ఈ వివరాలు లేకుండా సలహా ఇవ్వడం వృత్తి నిబంధనలకే విరుద్ధం. సెబీ 2013లో తెచ్చిన పెట్టుబడి సలహాదారుల నిబంధనల ప్రకారం, నమోదైన సలహాదారు ముందుగా ఖాతాదారు వయసు, ఆదాయం, అప్పులు, డబ్బు అవసరపడే కాలం, నష్టాన్ని తట్టుకోగల శక్తి తెలుసుకోవాలి. ఆ తర్వాతే ఫలానా పథకం అతనికి సరిపోతుందని చెప్పాలి. బంధువులకు ఈ నిబంధన వర్తించదు కాబట్టి, ఆ ప్రశ్నలు ఎవరికి వారే వేసుకోవాలి.

ఆ ఎనిమిది లక్షలు కరీంనగర్‌లోని ఒక కుటుంబానివి అనుకుందాం. భర్తది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నెల ఖర్చు ముప్పై వేలు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంకా ఏమైనా ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగితే, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన లక్షన్నర అప్పు సంగతి బయటపడింది. దాని వడ్డీ ఏడాదికి పదకొండు శాతం.

ఎక్కడ పెట్టాలన్న దానికి మొదటి జవాబు ఇక్కడే దొరికింది. లక్షన్నర మీద ఆ ఇల్లు ఏటా 16,500 రూపాయలు వడ్డీ కడుతోంది. అదే లక్షన్నరను ఆరున్నర శాతానికి డిపాజిట్ చేస్తే వచ్చేది 9,750. అప్పు ఉంచుకుని డిపాజిట్ చేస్తే ఏడాదికి 6,750 చేతి నుంచి పోతుంది. ముందు నగలు విడిపించుకోవాలి. పదకొండు శాతం రాబడిని కచ్చితంగా ఇస్తానని ఏ పథకమూ చెప్పదు, కానీ పదకొండు శాతం అప్పు తీరిస్తే అంత మిగలడం ఖాయం.

రెండోది అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు అంటే లక్షా ఎనభై వేలు. ఇందులో ముప్పై నలభై వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతాది విడివిడి ఎఫ్‌డీలుగా చేసుకోవచ్చు. అవసరమొచ్చి గడువుకు ముందే ఎఫ్‌డీ తీసినా అసలు పోదు. డబ్బు ఎన్నాళ్లు ఉందో ఆ కాలానికి వర్తించే వడ్డీ లెక్కగట్టి, అందులో అర శాతమో ఒక శాతమో తగ్గించి ఇవ్వడం చాలా బ్యాంకుల్లో ఉన్న పద్ధతి. ప్లాటుకు ఈ వెసులుబాటు లేదు. ఆసుపత్రిలో లక్ష కట్టాలంటే ప్లాటులో లక్ష రూపాయల ముక్క అమ్మలేం. ఎండోమెంట్ పాలసీని మొదటి ఏళ్లలోనే వదిలేస్తే కట్టిన దానికంటే చాలా తక్కువ చేతికొస్తుంది. పీపీఎఫ్ భద్రమైనదే, కానీ దాని గడువు పదిహేనేళ్లు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి గానీ అందులో కొంత సొమ్మయినా తీసుకోనివ్వరు. ఇవి చెడ్డ పథకాలని కాదు, అత్యవసర నిధికి పనికిరానివి.

మూడోది కూతురి చదువు. రెండేళ్లలో ఇంటర్‌లో చేరుతుంది. కాలేజీ ఫీజు, హాస్టల్ కలిపి మూడు లక్షలు అనుకుందాం. తేదీ తెలిసిన ఖర్చు ఇది. అడ్మిషన్ల నెలకు ముందే గడువు తీరే ఎఫ్‌డీలో పడాలి. అర శాతం ఎక్కువ కోసం దీన్ని ఇంకోచోటికి తిప్పకూడదు.

ఇవన్నీ పోను మిగిలింది లక్షా డెబ్బై వేలు. పదేళ్ల దాకా దీనితో పని లేదనుకుంటే మేనల్లుడి మాట ఇప్పుడు వినొచ్చు. పాపం, అతని సలహా తప్పు కాదు. ఎనిమిది లక్షలకు చెప్పాడు, అది లక్షా డెబ్బై వేలకే సరిపోతుంది.

ఆ తేడా ఎంత పెద్దదో 2020 చూపించింది. ఆ జనవరిలో 12,362 వద్ద ముగిసిన నిఫ్టీ, మార్చి 23 నాటికి 7,610కి పడిపోయింది. అంటే 38 శాతం పైగా పతనం. జనవరిలో ఎనిమిది లక్షలూ ఇండెక్స్ ఫండ్‌లో వేసిన ఇంటికి రెండు నెలల్లో మిగిలింది ఐదు లక్షల లోపే. నవంబరుకల్లా నిఫ్టీ మళ్లీ పాత స్థాయి దాటింది, నిజమే. అయితే మార్చి 24 అర్ధరాత్రి లాక్‌డౌన్ మొదలైంది. జీతాలు ఆగినవాళ్లకు, దుకాణాలు మూసుకున్నవాళ్లకు డబ్బు కావలసింది ఏప్రిల్‌లో. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్నవాళ్లు నవంబరు దాకా ఆగగలిగారు. లేనివాళ్లు అమ్ముకోవాల్సిందే. మార్కెట్ కూలడం, ఆదాయం ఆగడం చాలాసార్లు ఒకే కష్టకాలంలో వస్తాయి. అత్యవసర నిధికి ఇంత పట్టుబట్టడం అందుకే.

అన్నిసార్లూ మార్కెట్ అంత త్వరగా కోలుకోదు కూడా. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ ఆ స్థాయికి మళ్లీ రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది. రెండేళ్లలో కావలసిన ఇంటర్ ఫీజును అందులో పెట్టిన తండ్రి పరిస్థితి ఊహించుకోవచ్చు.

నష్టాన్ని ఎంత తట్టుకోగలరు అని శాతాల్లో అడిగితే చాలామంది ధైర్యంగానే జవాబిస్తారు. రూపాయల్లో అడగాలి. ‘‘నీ లక్షా డెబ్బై వేలు లక్షా ఐదు వేలైంది. ఇంట్లో వాళ్లు తీసెయ్యమంటున్నారు. తీస్తావా?’’ తీసేస్తాననిపిస్తే అందులో సగమే వేసి మిగతాది డిపాజిట్‌లో ఉంచుకోవడం మేలు. ఓర్పు ఒకటి, స్తోమత ఒకటి. ఎంత గుండె నిబ్బరం ఉన్నవాడికైనా వచ్చే జూన్‌లో కట్టాల్సిన ఫీజు విషయంలో నష్టపోయే స్తోమత లేదు. మరోవైపు, పెన్షన్‌తో హాయిగా ఇల్లు గడిచే పెద్దాయనకు స్తోమత ఉన్నా, రోజూ ధర చూసి నిద్ర పోగొట్టుకునేట్టయితే ఆయనకూ అది సరిపడదు.

నిజంగానే ఈ ప్రశ్నలకు ఇప్పటికిప్పుడు జవాబు లేనివాళ్లూ ఉంటారు. పెళ్లి కుదరొచ్చు, ఊరు మారొచ్చు, ఇంకా తేలలేదు. అలాంటప్పుడు ఆరు నెలల ఎఫ్‌డీయే సరైన జవాబు. వడ్డీ ఆరు శాతమైతే ఎనిమిది లక్షల మీద ఆరు నెలలకు 24 వేలు వస్తుంది. రెండున్నర శాతమిచ్చే సేవింగ్స్ ఖాతాలో వదిలేస్తే పది వేలే. ఒకే బ్యాంకులో కాకుండా రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిట్‌దారుకు వడ్డీతో కలిపి ఐదు లక్షల వరకే బీమా ఉంటుంది. మొత్తాన్ని ఒకే రసీదుగా కాక రెండేసి లక్షల చొప్పున నాలుగు డిపాజిట్లుగా చేయమని బ్యాంకులో అడగాలి. మధ్యలో లక్ష అవసరపడితే ఒక్కటే తీస్తారు, మిగతా మూడింటి వడ్డీ కదలదు. ఈ ఆరు నెలల్లో పాస్‌బుక్, ఫోన్‌పే చెల్లింపులు ముందేసుకుని ఇంటి నెల ఖర్చు ఎంతో కాగితం మీద రాసుకుంటే, అత్యవసర నిధి ఎంత ఉండాలో అందులోనే తేలుతుంది.