మీకు తెలుసా? తల నిమరడానికి ఒకే మాట

బ్రెజిల్ పోర్చుగీసులో ‘కఫునె’ అనే మాట ఉంది. ప్రేమించిన మనిషి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి మెల్లగా నిమరడం అని దానర్థం. ఆంగోలా నుంచి బానిసలుగా తీసుకెళ్లినవారి భాష నుంచి వచ్చిందని చాలామంది అంటారు. నిఘంటువుల్లో దీనికి ఇంకో అర్థమూ ఉంది: పేను కుక్కుతున్నట్టు తలమీద గోళ్లతో చిటుక్కుమనిపించడం. అరుగు మీద అమ్మమ్మ ఒడిలో తలపెట్టి పేలు చూపించుకున్నవాళ్లకు ఈ రెండర్థాల చుట్టరికం విడమరిచి చెప్పక్కర్లేదు.

మనకు ‘నిమురు’ ఉంది. కానీ గడ్డమూ నిమురుతాం, దూడ గంగడోలూ నిమురుతాం. ఆ క్రియ చేతి కదలికనే చెబుతుంది. ‘తల’ అని విడిగా చేర్చాలి, ‘ప్రేమగా’ అని మళ్లీ చేర్చాలి. నిఘంటువులో ‘కఫునె’కు ఒక్క మాట చాలక వాక్యం రాయాల్సి వచ్చేది అందుకే.

శ్రీకాకుళం కొండల్లోని సవర భాష దారి వేరు. అందులో శరీర భాగాల పేర్లు పొట్టివై క్రియలోనే కలిసిపోతాయి. ‘నేను తలకు నూనె రాసుకుంటాను’ అన్నదంతా సవరలో ఒకే క్రియాపదం: రాయడం, నూనె, తల, ‘నాకు నేనే’, అన్నీ అందులోనే. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఇలాంటి పదాల నిర్మాణాన్ని 1931 నాటి తన సవర భాషా గ్రంథంలో నమోదు చేశారు.

తల నిమరడానికి మీ ఊళ్లో వేరే మాట వాడితే, పెద్దవాళ్లనడిగి రాసిపెట్టండి.