ఫోన్ కెమెరాలో జూమ్: ఆప్టికల్, డిజిటల్ పద్ధతుల మధ్య తేడా

3.1 పరిచయం

ఈ భాగం చదివిన తరువాత మీరు మూడు విషయాలు వివరించగలగాలి. ఒకటి, ఆప్టికల్ జూమ్‌లో దృశ్యం ఎక్కడ పెద్దదవుతుంది, డిజిటల్ జూమ్‌లో ఎక్కడ పెద్దదవుతుంది. రెండు, తెర మీద రెండు వేళ్ళతో సాగదీసి తీసిన ఫోటోలో అక్షరాలు తడిసిన సిరాలా ఎందుకు అలుక్కుపోతాయి. మూడు, మీ చేతిలోని ఫోన్ ఒక సందర్భంలో ఏ రకం జూమ్ వాడుతున్నదో ఎలా గుర్తించాలి.

ఇందుకు మీకు తెలిసిన ఒక సందర్భాన్నే ఉదాహరణగా తీసుకుందాం. అధ్యయన కేంద్రంలో పరీక్షల కాలపట్టిక అంటించారు. బోర్డు ముందు జనం గుమిగూడి ఉన్నారు. మీరు మూడు మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్ తెరను వేళ్ళతో సాగదీసి ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నారు. ఇంటికి వచ్చి చూస్తే పరీక్ష తేదీ 13 అని ఉందో, 18 అని ఉందో తెలియడం లేదు. అంకె తెర నిండా పెద్దగానే కనిపిస్తున్నది, కాని చదవడానికి వీలుగా లేదు. ఇంత పెద్దగా కనిపించే అంకెను ఎందుకు చదవలేకపోతున్నాం?

3.2 ఫోటోలో ఆ కాగితం వాటా ఎంత?

కెమెరా లోపల కటకం వెనుక ఉండే చిన్న పలకను సెన్సర్ అంటారు. కాంతిని కొలిచే లక్షలాది గళ్ళు దాని మీద ఉంటాయి. ఒక్కొక్క గడి నుంచి ఫోటోలో ఒక్కొక్క పిక్సెల్ వస్తుందని ప్రస్తుతానికి అనుకోండి. 12 మెగాపిక్సెళ్ళ ఫోటో అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్ళు, అంటే మొత్తం కోటి ఇరవై లక్షలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఫోన్‌లోని ప్రధాన కటకం విశాలమైన దృశ్యాన్ని పట్టేలా తయారవుతుంది. సాధారణంగా మూడు మీటర్ల దూరంలో సుమారు నాలుగు మీటర్ల వెడల్పు గల గోడ ఫోటోలో పడుతుంది. నాలుగు మీటర్లంటే 4000 మిల్లీమీటర్లు. దానికి దొరికినవి 4000 పిక్సెళ్ళు. అంటే గోడ మీద ఒక్క మిల్లీమీటరుకు ఒక్క పిక్సెల్.

కాలపట్టిక ఏ4 కాగితం మీద ఉంది. దాని కొలతలు 210, 297 మిల్లీమీటర్లు. కాబట్టి ఫోటోలో దాని వాటా 210 × 297, అంటే సుమారు 62 వేల పిక్సెళ్ళు. మొత్తం పిక్సెళ్ళలో ఇది అర శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే. మిగిలినవన్నీ గోడకు, మనుషుల తలలకు పోయాయి. ఫోన్ పెట్టె మీద రాసిన మెగాపిక్సెళ్ళ సంఖ్య మొత్తం దృశ్యానికి సంబంధించినది. మీకు కావలసిన చిన్న భాగానికి ఎన్ని పిక్సెళ్ళు దక్కాయన్నదే ఇక్కడ ముఖ్యం.

కాగితం మీద అంకె ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే ఫోటోలో అది నాలుగు పిక్సెళ్ళ ఎత్తు ఉంటుంది. చుక్కలతో అంకెలు చూపే విద్యుత్ బోర్డులలో ఒక అంకెకు సాధారణంగా వాడే కనీస అమరిక ఐదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తు. ఆ బోర్డులో చుక్కలు అంకె ఆకారానికి సరిగ్గా సరిపోయేలా వెలుగుతాయి. ఫోటోలో ఆ సౌకర్యం లేదు. అంకె గీత రెండు గళ్ళ మధ్యలో పడవచ్చు. అందువల్ల ఫోటోలో ఏడు పిక్సెళ్ళ కంటే ఎక్కువే కావాలి. మనకు దొరికినవి నాలుగే. తెలుగు అక్షరాలకైతే తలకట్టు, గుణింతం, కింద వత్తు కూడా విడివిడిగా కనిపించాలి కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి.

3.3 వేళ్ళతో సాగదీసినప్పుడు జరిగేది

మీరు తెరను సాగదీసి 8 రెట్లకు తెచ్చారనుకోండి. ప్రధాన కటకం కదలలేదు, మారలేదు. సెన్సర్ మీద పడిన ప్రతిబింబమూ మారలేదు. ఫోన్ చేసినవి రెండే పనులు. మొదట ఫోటో మధ్య భాగాన్ని మాత్రం ఉంచుకుని మిగిలినది కత్తిరించింది. 4000ను 8తో భాగిస్తే 500, 3000ను 8తో భాగిస్తే 375. తరువాత ఆ 500 × 375 ముక్కను మళ్ళీ 4000 × 3000కు సాగదీసింది. ఒక్కొక్క అసలు పిక్సెల్ స్థానంలో ఇప్పుడు 64 ఉన్నాయి. అంటే 64లో 63 కొలిచినవి కావు, లెక్క కట్టి నింపినవి. ఇదే డిజిటల్ జూమ్. నాలుగు పిక్సెళ్ళ అంకె 32 పిక్సెళ్ళ అంకె అయింది కాని, అందులో ఉన్న సమాచారం నాలుగు పిక్సెళ్ళదే.

ఆ నింపడం ఎలా జరుగుతుందో చూస్తే అలుకుడు ఎక్కడిదో తెలుస్తుంది. పిక్సెల్ వెలుగును 0 నుంచి 255 వరకు అంకెలతో సూచిస్తారు. 0 నలుపు, 255 తెలుపు. అంకె అంచున పక్కపక్కనే ఉన్న రెండు పిక్సెళ్ళు 20, 220 అనుకోండి. నాలుగు రెట్లు సాగదీయాలంటే వాటి మధ్య మూడు కొత్తవి కావాలి. సులభమైన పద్ధతి పొరుగువాటి సగటుతో నింపడం:

20, 70, 120, 170, 220

ఒక్క అడుగులో నలుపు నుంచి తెలుపుకు దూకిన అంచు ఇప్పుడు మెట్లుమెట్లుగా వాలిపోయింది. కంటికి అది మసకగా కనిపిస్తుంది.

ఇక మన 3, 8 అంకెల సంగతి. 3కు ఎడమ వైపు తెరిచి ఉంటుంది, 8కి మూసి ఉంటుంది. ఆ తెరిచిన ఖాళీ కాగితం మీద ఒక మిల్లీమీటరు, అంటే ఫోటోలో ఒక్క పిక్సెల్. ఆ గడిలో సగం ఖాళీ, సగం గీత పడితే దాని విలువ తెలుపూ కాదు, నలుపూ కాదు, 120 వంటి బూడిద రంగు అవుతుంది. అది 3లోని ఖాళీ కావచ్చు, 8లోని సన్నని గీత కూడా కావచ్చు. సాగదీయడం ఆ సందేహాన్ని తీర్చలేదు, దాన్ని పెద్దది చేసి చూపుతుంది.

అసలు పిక్సెళ్ళు కూడా పూర్తిగా కొలిచినవి కావు. సెన్సర్ మీద ప్రతి గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్క రంగు వడపోత మాత్రమే ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. మిగిలిన రెండు రంగులను ఫోన్ పొరుగు గళ్ళను చూసి అంచనా వేస్తుంది. మామూలు ఫోటోలో ఈ అంచనాలు కంటికి కనిపించవు. 8 రెట్లు సాగదీస్తే కనిపిస్తాయి.

వీటికి తోడు మరొక పని ఉంది. వెలుతురు తక్కువైనప్పుడు సెన్సర్ కొలతలలో రవ్వలాంటి మచ్చలు వస్తాయి. వాటిని తుడవడానికి ఫోన్ ఇరుగుపొరుగు పిక్సెళ్ళను కలిపి నునుపు చేస్తుంది. ఒకటి రెండు పిక్సెళ్ళ మందం గల అక్షరపు గీతకూ, అటువంటి మచ్చకూ తేడా దానికి తెలియదు. రెండింటినీ తుడుస్తుంది. ఆ తరువాత పోయిన పదును తెప్పించడానికి మిగిలిన అంచులను బలంగా దిద్దుతుంది. అందుకే ఇటువంటి ఫోటోలలో ముఖాలు నున్నని మైనంలా, అక్షరాలు కుంచెతో పూసినట్లుగా, వాటి చుట్టూ తెల్లని అంచుతో కనిపిస్తాయి.

చేయి కదలడం వల్ల వచ్చే మసకను దీనితో కలపవద్దు. చేయి కదిలితే గీతలన్నీ ఒకే దిశలో సాగుతాయి. జూమ్ వల్ల వచ్చే అలుకుడు అన్ని వైపులా సమానంగా ఉంటుంది.

3.4 ఆప్టికల్ జూమ్‌లో జరిగేది

ఆప్టికల్ జూమ్‌లో పెద్దది చేసే పని కటకం చేస్తుంది, అదీ కాంతి సెన్సర్‌ను చేరకముందే. కటకం నాభ్యంతరం పెరిగితే దూరపు వస్తువు ప్రతిబింబం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మూడు రెట్ల టెలిఫోటో కటకంతో అదే చోటు నుంచి తీస్తే నాలుగు మీటర్ల గోడకు బదులు 1.33 మీటర్ల గోడే సెన్సర్ మీద పడుతుంది. ఆ సెన్సర్ కూడా 12 మెగాపిక్సెళ్ళదే అయితే, మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్ళు వస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల అంకెకు 12 పిక్సెళ్ళు. 3లోని ఖాళీకి మూడు పిక్సెళ్ళు. ఇప్పుడు 13, 18 వేరుగా కనిపిస్తాయి.

పాత కెమెరాలలో కటకాలు ముందుకు వెనుకకు జరిగి నాభ్యంతరాన్ని మార్చేవి. పలుచని ఫోన్‌లో అంత చోటు ఉండదు. అందుకే చాలా ఫోన్లలో స్థిరమైన నాభ్యంతరం గల కెమెరాలు రెండు మూడు పక్కపక్కనే ఉంటాయి. జూమ్ చేసినప్పుడు ఫోన్ ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. మరికొన్నిటిలో కాంతిని పట్టకంతో 90 డిగ్రీలు మళ్ళించి, పొడవైన కటకాన్ని ఫోన్ లోపల అడ్డంగా అమరుస్తారు. దీన్ని పెరిస్కోప్ అమరిక అంటారు.

దీని నుంచి ఒక ముఖ్యమైన పర్యవసానం వస్తుంది. 1, 3 రెట్ల కటకాలు ఉన్న ఫోన్‌లో మీరు 2.9 రెట్ల దగ్గర ఆగితే సాధారణంగా మీకు దక్కేది ప్రధాన కెమెరా ఫోటోను సాగదీసిన ముక్కే. 3 దగ్గర ఆప్టికల్ జూమ్. 3 దాటి 6కు వెళితే, మూడు రెట్ల ప్రతిబింబం మీద మళ్ళీ రెండు రెట్ల డిజిటల్ సాగదీత.

48 మెగాపిక్సెళ్ళ ప్రధాన సెన్సర్‌లో, అంటే 8000 × 6000 గళ్ళలో, మధ్య భాగాన్ని కత్తిరిస్తే రెండు రెట్ల దగ్గర కూడా 4000 × 3000 అసలు గళ్ళు మిగులుతాయి. మంచి వెలుతురులో ఇది ఆప్టికల్ జూమ్‌కు దగ్గరగా వస్తుంది. వెలుతురు తగ్గితే చిన్న గళ్ళకు చాలినంత కాంతి అందక ఆ లాభం పోతుంది.

3.5 మీ ఫోన్‌లో పరీక్షించుకోవడం

మీ ఫోన్‌లో టెలిఫోటో కటకం ఉంటే, కెమెరా తెరిచి జూమ్‌ను 3కు, లేదా మీ ఫోన్ చూపే అంకెకు పెట్టండి. ఇప్పుడు ప్రధాన కటకాన్ని వేలితో మూయండి. తెర చీకటైతే ఫోన్ ఇంకా ప్రధాన కెమెరానే వాడుతున్నది, అది డిజిటల్ జూమ్. దృశ్యం అలాగే ఉంటే టెలిఫోటో పనిచేస్తున్నది. టెలిఫోటో కటకాన్ని మూసి పరీక్షించడం అంత నమ్మదగినది కాదు. చీకటిగా ఉందనుకుని కొన్ని ఫోన్లు తమంతట తామే ప్రధాన కెమెరాకు మారిపోతాయి.

ఈ పరీక్షను పగటి వెలుగులో ఒకసారి, సాయంత్రం గదిలో ఒకసారి చేయండి. తెర మీద రెండు సార్లూ 3 అనే ఉన్నా, మసక వెలుతురులో కొన్ని ఫోన్లు టెలిఫోటోను వదిలి ప్రధాన కెమెరా ముక్కను సాగదీస్తాయి. టెలిఫోటో సెన్సర్ సాధారణంగా చిన్నది కావడమే దీనికి కారణం. మరీ దగ్గరి వస్తువు మీద టెలిఫోటో కుదరనప్పుడూ అదే చేస్తాయి.

టెలిఫోటో లేని ఫోన్‌తో కాలపట్టిక తీయాలంటే, జనం తగ్గాక మూడు మీటర్ల నుంచి ఒక మీటరుకు దగ్గరగా వెళ్ళండి. దూరం మూడో వంతైతే అంకెకు దక్కే పిక్సెళ్ళు మూడు రెట్లవుతాయి. అంటే నాలుగు పన్నెండవుతుంది. దగ్గరకు వెళ్ళడం కుదరకపోతే, సందేహం ఉన్న అంకెను సాగదీసిన ఫోటో చూసి నిర్ణయించవద్దు. అక్కడ కనిపించే ఆకారంలో ఎక్కువ భాగం ఫోన్ లెక్క కట్టి నింపినది. బోర్డు దగ్గరున్న వారిని అడిగి తెలుసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 12 మెగాపిక్సెళ్ళ ఫోటోను డిజిటల్‌గా 4 రెట్లు జూమ్ చేస్తే ఎన్ని అసలు పిక్సెళ్ళు మిగులుతాయి? (జవాబు: 1000 × 750, అంటే 7,50,000.)

2. పై ఉదాహరణలో మీరు ఆరు మీటర్ల దూరంలో నిలబడి మూడు రెట్ల టెలిఫోటో వాడితే నాలుగు మిల్లీమీటర్ల అంకెకు ఎన్ని పిక్సెళ్ళు వస్తాయి? 13, 18 తేడా తెలుస్తుందా? (సూచన: దూరం రెట్టింపైతే పట్టే గోడ వెడల్పు కూడా రెట్టింపవుతుంది.)