బుట్ట నిండినా బిల్లు కాలేదెందుకు?

విజయవాడ నుంచి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న షాపిఫై దుకాణం ఉందనుకుందాం. హైదరాబాద్‌లో ఒకావిడ ఫోన్‌లో ఆ దుకాణం తెరిచి అరకిలో ఆవకాయ, పావుకిలో కందిపొడి బుట్టలో వేసుకున్నారు. ఆవకాయ 300, కందిపొడి 150, మొత్తం 450 రూపాయలు. పేరు, అడ్రసు, పిన్‌కోడ్ ఓపిగ్గా టైపు చేశాక బిల్లు చూస్తే 650! డెలివరీకే 200. ఆవిడ ఆ పేజీ మూసేశారు. ఆవకాయ నచ్చక కాదు, ఆ 200 సంగతి ముందే ఎవరూ చెప్పనందుకు.

ఇలాంటివాళ్లు కొద్దిమందేమీ కాదు. ఆన్‌లైన్ దుకాణాలపై పరిశోధన చేసే డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలను కలిపి తీసిన సగటు ప్రకారం, సరుకు వేసుకున్న బుట్టల్లో దాదాపు 70 శాతం కొనుగోలు పూర్తికాకుండానే వదిలేయబడతాయి. అందులో చాలామంది ఊరికే చూసిపోయేవాళ్లు. వాళ్లను పక్కనపెట్టి మిగతావాళ్లను అడిగితే, వెనక్కి తగ్గడానికి అందరికన్నా ఎక్కువమంది చెప్పిన కారణం డెలివరీ, పన్నుల వంటి అదనపు ఖర్చులు.

దుకాణదారు ముందు తెలుసుకోవాల్సింది కొనేవాళ్లు ఏ మెట్టు దగ్గర జారిపోతున్నారన్నది. షాపిఫై అనలిటిక్స్‌లో ఎంతమంది వచ్చారు, వాళ్లలో ఎంతమంది బుట్టలో వేసుకున్నారు, ఎంతమంది చెక్అవుట్ దాకా వెళ్లారు, ఎంతమంది డబ్బు కట్టారు అన్న అంకెలు వరసగా కనిపిస్తాయి. ఉదాహరణకు వెయ్యిమంది వస్తే పదిమందే బుట్ట పట్టారంటే సరుకు వాళ్ల కంటపడలేదేమో చూడాలి. అది కలెక్షన్లు, మెనూలు సరిచూసుకోవాల్సిన పని. ఎనభైమంది బుట్ట పట్టి, యాభైమంది చెక్అవుట్‌కు వెళ్లి, పదిమందే డబ్బు కట్టారంటే మాత్రం హోమ్ పేజీకి ఎన్ని రంగులు మార్చినా ఉపయోగం లేదు. లోపం చెక్అవుట్‌లో ఉంది.

కలెక్షన్ అంటే ఒక రకం సరుకంతా ఒకచోట చూపించే అర. దాన్ని రెండు రకాలుగా తయారు చేయవచ్చు. ఒకటి, వస్తువులను ఒక్కొక్కటిగా మనమే ఎంచి పెట్టడం. రెండోది, షరతు రాసి వదిలేయడం. ‘వెజ్’ అనే ట్యాగ్ ఉన్నవన్నీ శాకాహార పచ్చళ్ల అరలోకి రావాలని రాస్తే, రేపు కొత్తగా చేర్చిన చింతకాయ పచ్చడికి ఆ ట్యాగ్ తగిలించగానే అదే వచ్చి అక్కడ చేరుతుంది. ఇరవై రకాలు దాటిన దుకాణానికి ఈ పద్ధతే హాయి. అయితే ట్యాగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ సీసా అరలో కనిపించదు, తప్పు జరిగిందని హెచ్చరిక కూడా రాదు. అందుకే కొత్త సరుకు పెట్టిన ప్రతిసారీ కలెక్షన్ తెరిచి చూసుకోవాలి.

అయిపోయిన సరుకు అరలో కనిపించకూడదనుకుంటే Inventory stock సున్నా కన్నా ఎక్కువ ఉండాలన్న షరతు కూడా చేర్చి, అన్ని షరతులూ వర్తించాలని ఎంచుకోవచ్చు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పావుకిలో, అరకిలో, కిలో సీసాల్లో ఏ ఒక్క సైజు మిగిలివున్నా ఆ పచ్చడి అరలోనే ఉంటుంది. కిలో సీసా కోసం వచ్చినవాళ్లు లోపలికి వెళ్లాకే అది లేదని తెలుసుకుంటారు.

మెనూ విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. షాపిఫై మెనూల్లో మూడు అంతస్తుల వరకు పెట్టుకోవచ్చు కానీ ఫోన్‌లో ఒక్కో అంతస్తుకూ ఒక్కో నొక్కుడు. వెజ్ పచ్చళ్లు, నాన్‌వెజ్ పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అని నేరుగా పైనే ఉంటే చాలు. వాటి పక్కనే ‘డెలివరీ ఛార్జీలు’ అన్న లింకు తప్పకుండా ఉండాలి. చాలా దుకాణాలు దీన్ని పేజీ అడుగున ఎవరికీ కనబడని చోట పెడతాయి.

ఇక ఆ 200 రూపాయల సంగతి. దుకాణదారు మోసం చేయలేదు, కొరియర్‌కు నిజంగా అంత అవ్వనూ లేదు. తప్పంతా Shipping and delivery సెట్టింగ్‌లో జరిగింది. మామూలు సరుకుకు 80 రూపాయలని ఒక ప్రొఫైల్ ఉంది. గాజు సీసాలు జాగ్రత్తగా ప్యాక్ చేయాలి కదా అని పచ్చళ్లకు 120 రూపాయలతో మరో ప్రొఫైల్ పెట్టారు. ఒకే బుట్టలో రెండు ప్రొఫైళ్ల సరుకు పడితే షాపిఫై ఆ రెండు ఛార్జీలనూ కలిపేస్తుంది. పొడి 80, పచ్చడి 120, కలిపి 200. రెండూ ఒకే పెట్టెలో వెళ్తున్నా సరే.

ఒకే చోటు నుంచి పంపే సరుకంతా ఒకే ప్రొఫైల్‌లో ఉంచి, బరువును బట్టి ఛార్జీ వేయడమే దీనికి విరుగుడు. కిలో వరకు 80, కిలో నుంచి మూడు కిలోల వరకు 150, అలా. ప్రతి సీసాకూ నమోదు చేయాల్సింది పచ్చడి బరువు కాదు, గాజుతో, ప్యాకింగ్‌తో కలిపి తూకం వేసిన బరువు. అరకిలో పచ్చడి కాటా మీద అరకిలో తూగదు మరి. శ్లాబుల మధ్య ఖాళీ వదలకూడదు, చివరి శ్లాబుకు పై హద్దు పెట్టకూడదు. ఐదు కిలోలతో ఆపేస్తే, పెళ్లికి ఎనిమిది కిలోలు కావాలన్న మనిషికి ఏ డెలివరీ ఛార్జీ చూపించాలో షాపిఫైకి తెలియదు. అతన్ని ఆర్డరు పెట్టనివ్వదు. ఆ నెలలో అన్నిటికన్నా పెద్ద ఆర్డరు అలా చేజారుతుంది.

ఛార్జీలు ఖాయమయ్యాక ఆ అంకెలను దాచవద్దు. ‘కిలో వరకు డెలివరీ 80 రూపాయలు’ అన్న ముక్క సీసా ధర కిందా, బుట్ట పేజీలోనూ ఉండాలి.

చెక్అవుట్‌లో రెండో అడ్డంకి, ఖాతా తెరిస్తేనే కొననిస్తామనే షరతు. జారెడ్ స్పూల్ అనే అమెరికన్ డిజైన్ నిపుణుడు 2009లో ఒక పెద్ద రిటైల్ సైట్ అనుభవాన్ని రాశారు. ‘రిజిస్టర్’ అనే బటన్ తీసేసి దాని స్థానంలో ‘కంటిన్యూ’ అని పెట్టి, కొనడానికి ఖాతా అవసరం లేదని ఒక వాక్యం చేర్చారు. కొన్నవాళ్ల సంఖ్య 45 శాతం పెరిగింది. షాపిఫైలో లాగిన్ తప్పనిసరి అనే ఎంపిక ఉంటుంది. దాన్ని ఆపేసి ఉంచడమే మంచిది. చెక్అవుట్ సెట్టింగుల్లోనే కంపెనీ పేరు అడిగే గడి తీసేయవచ్చు. ఫోన్ నంబరు గడిని మాత్రం తప్పనిసరి చేయాలి. కొరియర్ కుర్రాడికి ఇల్లు దొరక్కపోతే పనికొచ్చేది అదే.

డబ్బు కట్టే దగ్గర మన దేశపు అలవాట్లు వేరు. షాపిఫై సొంత పేమెంట్ సేవ భారత్‌లో లేదు కాబట్టి యూపీఐ, కార్డుల కోసం రేజర్‌పే వంటి గేట్‌వేను జోడించుకోవాలి. క్యాష్ ఆన్ డెలివరీని మాన్యువల్ పేమెంట్ల కింద ఆన్ చేస్తే సరిపోతుంది. అయితే అది అందరికీ కనిపిస్తుంది. ఫలానా పిన్‌కోడ్‌లకే ఇస్తామంటే విడిగా యాప్ కావాలి.

ఇవన్నీ సరిచేశాక పరీక్షించనిదే దుకాణం తెరవొద్దు. షాపిఫైలో Bogus Gateway అనే నకిలీ గేట్‌వే ఉంది. దాన్ని ఆన్ చేసి కార్డు నంబరు దగ్గర 1 అని కొడితే ఆర్డరు విజయవంతమవుతుంది, 2 అని కొడితే విఫలమవుతుంది. అసలు డబ్బు కదలదు. ఒకసారి ఒక్క సీసాతో, ఒకసారి పచ్చడీ పొడీ కలిపి, ఇంకోసారి ఎనిమిది కిలోలతో, కంప్యూటర్లో కాకుండా ఫోన్‌లోనే ఆర్డరు పెట్టి చూడండి. పరీక్ష ముగిశాక నకిలీ గేట్‌వేను తీసేసి అసలుది తిరిగి ఆన్ చేయడం మరవకండి.