అడిగేది ఒకటి, చేతికొచ్చేది ఒకటి

1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’కు గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలిచ్చారు. ఇప్పుడు షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు అదే పనికి నెట్‌లో ఒక పోస్టు పెడుతున్నారు. అందులో తరచూ జరిగే తప్పు, సినిమాకు ఎంత ఖర్చో అంతే అడగడం.

పదిహేను నిమిషాల సినిమా, మూడు రోజుల షూటింగ్ అనుకుందాం. కెమెరా, లైట్ల అద్దె 60 వేలు. నటులకు, టెక్నీషియన్లకు 70 వేలు. భోజనాలు, బండ్లు, లొకేషన్ కలిపి 50 వేలు. ఎడిటింగ్, సౌండ్, డీఐకి 70 వేలు. వాన పడి ఒక పూట పోయినా తట్టుకోవడానికి ఇంకో 25 వేలు. అంతా కలిపి 2.75 లక్షలు.

అంతే అడిగి, అంతా వచ్చిందనుకోండి. వెబ్‌సైట్ పది శాతం రుసుం తీసుకుంటే, దానిమీద 18 శాతం జీఎస్టీతో 32 వేల పైచిలుకు అక్కడే పోతుంది. దాతలకు పంపే కానుకలకు మరో పది వేలు. షూటింగ్ ఖర్చు ముందే అయిపోతుంది కాబట్టి ఈ కోత చివరి పని మీద, అంటే సౌండ్ మీద పడుతుంది. బొమ్మ బాగుండి మాట వినిపించని షార్ట్ ఫిల్ములు ఎన్ని చూడలేదు మనం! అందుకే ఇక్కడ 3.25 లక్షలు అడగాలి. అందులో 38 వేలు రుసుముకే పోతాయని పోస్టులోనే రాయాలి.

కానుకల లెక్కా ఇంతే. ఐదొందలిచ్చినవారికి పంపే పోస్టర్‌కు అచ్చు, గొట్టం, కొరియర్ కలిపి రెండొందలైతే సినిమాకు చేరేది మూడొందలే. టైటిల్స్‌లో పేరు, స్క్రిప్టు పీడీఎఫ్ లాంటివాటికి దాదాపు ఖర్చుండదు. లాభంలో వాటా మాత్రం ఆశ చూపకండి. అప్పుడది విరాళం కాదు, పెట్టుబడి. సెబీ నిబంధనల చిక్కులు వస్తాయి.

ఇక గడువు. షూటింగ్ తేదీ చెప్పడం తేలికే. దాతలకు కావాల్సింది సినిమా ఎప్పుడు చూస్తామన్నది. యూట్యూబ్‌లో ముందే పెట్టేసిన సినిమాను చాలా ఫెస్టివల్స్ తీసుకోవు. అది దాచకుండా ఇలా రాయొచ్చు: “మార్చికి సినిమా పూర్తవుతుంది. ఏప్రిల్‌లో మీకు పాస్‌వర్డ్‌తో లింకు పంపుతాం. యూట్యూబ్‌లోకి రావడానికి ఏడాది పట్టొచ్చు. ఆలస్యమైతే నెలకోసారి సంగతి చెబుతాం.”

మీరు డబ్బు వేసేవారైతే, వేసే ముందు ఒక్కటి అడగండి: సగమే వస్తే ఏం చేస్తారు? కొన్ని వెబ్‌సైట్లు లక్ష్యం చేరకపోతే మొత్తం వెనక్కిచ్చేస్తాయి, కొన్ని వచ్చినంత ఇచ్చేస్తాయి. రెండో రకమైతే ఏ సీన్లు తగ్గిస్తారో, ఎన్ని రోజుల్లో ముగిస్తారో పోస్టులో కనిపించాలి. కనిపించకపోతే, అది రాసేదాకా ఆగండి.