ముఖం ఆకారాన్ని గీసేది స్కార్ఫ్ అంచే

గుండ్రటి ముఖానికి ఈ స్కార్ఫ్, కోలముఖానికి ఆ స్కార్ఫ్ అని చెప్పే పట్టికలు చాలానే కనిపిస్తాయి. వాటిని నమ్మి హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఇష్టపడి కొన్న స్కార్ఫ్, ఇంటికొచ్చి అద్దం ముందు కట్టుకుంటే ఒక్కోసారి అస్సలు నప్పదు. ఆ పట్టికల్లో చాలావరకు జుట్టు కనిపించే ముఖాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. హిజాబ్ కట్టుకున్నాక నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత కనిపించదు. చెవులు కనిపించవు. దవడ మూలలు సగం గుడ్డ చాటుకు పోతాయి. ఎదుటివాళ్లకు కనిపించేది స్కార్ఫ్ అంచు మధ్య మిగిలిన ముఖమే. ఆ అంచును ఎక్కడ నిలపాలన్నది మన చేతిలో ఉంది. ఎదురుగా తీసిన ఒక ఫొటో, ఒక స్కేలు ఉంటే దాన్ని లెక్కగా తేల్చుకోవచ్చు.

ముందు ఫొటో సరిగా రావాలి. చెయ్యి చాపి తీసుకున్న సెల్ఫీ ఈ పనికి పనికిరాదు. కెమెరా దగ్గరగా ఉంటే దానికి దగ్గరున్న ముక్కు పెద్దదవుతుంది, వెనకున్న చెంపలు సన్నబడతాయి. అమెరికా వైద్య పరిశోధకులు 2018లో వేసిన లెక్క ప్రకారం, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే గుండ్రటి ముఖం కూడా సెల్ఫీలో కోలగా వస్తుంది. అది చూసి కోలముఖానికి చెప్పిన మడత వేసుకుంటే, బయట అందరికీ ముఖం మరింత గుండ్రంగా కనిపిస్తుంది.

అందుకని ఫోన్‌ను 5 అడుగుల దూరంలో, కళ్ల ఎత్తున నిలబెట్టి, వెనక కెమెరాతో టైమర్ పెట్టండి. ముఖం ఫ్రేములో నడిమికి రావాలి, అంచులకు పోతే సాగుతుంది. కిటికీకి ఎదురుగా నిలబడండి. గడ్డం ఎత్తొద్దు, దించొద్దు. నవ్వకండి, నవ్వితే చెంపలు వెడల్పవుతాయి. స్కార్ఫ్ తీసి ఫొటో దిగడం ఇష్టం లేనివాళ్లు లోపలి క్యాప్ పెట్టుకునే దిగవచ్చు. జుట్టు గీత ఎలాగూ మనకు అక్కర్లేదు, క్యాప్ అంచు చాలు. కొలతలు రాసుకున్నాక ఆ ఫొటోను ఫోన్లోంచి చెరిపేయండి. ఫొటోలు ఆన్‌లైన్‌లో వాటంతటవే దాచుకునే ఫోన్ అయితే అక్కడా చెరిపేయాలి.

కొలవాల్సినవి రెండే. నుదుటి మీద క్యాప్ అంచు నుంచి గడ్డం కొన దాకా నిలువు, చెంప ఎముకల దగ్గర అడ్డం. స్క్రీన్ మీదే స్కేలు పెట్టి కొలవచ్చు. ఫొటో ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, నిలువును అడ్డంతో భాగిస్తే వచ్చేదే ముఖ్యం. 1.2 లోపు వస్తే గుండ్రం లేదా చదరం వైపు అనుకోండి. దవడ మూలలు కోసుగా ఉంటే చదరం. 1.3, 1.4 దగ్గర ఉంటే పెద్దగా మార్చే పనిలేదు. 1.5 దాటితే పొడవు ముఖం. ఇవి నేను వాడే హద్దులు, రాతి మీద గీతలేం కావు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయి ఫొటోలో నిలువు 66 మిల్లీమీటర్లు, అడ్డం 57. భాగిస్తే 1.16, గుండ్రటి ముఖమే. ఆమె రోజూ కట్టుకునే తీరు ఏమిటంటే స్కార్ఫ్ అంచును ముఖం చుట్టూ బిగుతుగా తిప్పి, గడ్డం మీదకు కాస్త లాగి పిన్ను పెట్టడం. అలా కట్టినప్పుడు తీసిన ఫొటోలో గడ్డం 3 మిల్లీమీటర్లు గుడ్డ కిందకి పోయింది, చెంపలు మాత్రం పూర్తిగా బయటే ఉన్నాయి. 63ను 57తో భాగిస్తే 1.1. ఉన్న గుండ్రం కంటే ఇంకా గుండ్రంగా కనబడేలా ఆమె రోజూ తానే కట్టుకుంటోందన్నమాట.

ఇప్పుడు గడ్డాన్ని పూర్తిగా బయటికి తెచ్చి, రెండు పక్కల నుంచీ అంచును ఫొటోలో 4 మిల్లీమీటర్లు లోపలికి జరుపుదాం. నిలువు 66, అడ్డం 49. భాగిస్తే 1.35. అసలు ముఖం మీద ఈ జరుపు ఒక్కో పక్క సెంటీమీటరు లోపే. స్కార్ఫ్ మార్చలేదు, రంగు మార్చలేదు.

ఇది మడతలో ఎలా వస్తుందో చూద్దాం. 110 సెంటీమీటర్ల చదరపు స్కార్ఫ్‌ను మూలకు మూల కలిపి త్రికోణంగా మడవండి. పొడవు అంచు నడిమధ్య ఇస్త్రీతో సన్నటి గీత పెట్టుకుంటే కట్టేటప్పుడు తిప్పలు ఉండవు. ఆ గీతను నుదుటి మధ్యకు తెచ్చి, క్యాప్ మీద గుడ్డను రెండు వేళ్ల మందం పైకి వదులుగా నిలపండి. అసలు కిటుకు కణతల దగ్గర ఉంది. రెండు పక్కలా అంచును కొద్దిగా లోపలికి గిల్లి ఒక చిన్న కుచ్చు పెట్టండి. ఆ కుచ్చే గుడ్డను చెంప మీదకు తెస్తుంది. తర్వాత గడ్డం కింద ఒక వేలు పట్టే సందు వదిలి పిన్ను పెట్టండి. రెండు కొసల్లో ఒకటి భుజం మీదుగా వెనక్కి వేసి, రెండోది ముందుకు వదిలేస్తే మెడ కింద గుడ్డ పోగుపడదు.

ఒక జాగ్రత్త ఉంది. అంచు లోపలికి వచ్చినా చెంపల పక్కన గుడ్డ ఉబ్బితే తల మొత్తం వెడల్పుగా కనిపిస్తుంది. కాబట్టి గుండ్రటి ముఖానికి ఎత్తు నడినెత్తి మీద ఉండాలి, పక్కలు తలకు అంటుకుని ఉండాలి. ఈ ఎత్తు షిఫాన్‌తో నిలవదు, జారిపోతుంది. పల్చటి కాటన్ గాని, కాస్త గరుకుగా ఉండే జార్జెట్ గాని నిలుస్తుంది. జెర్సీ సాగుతుంది కనుక ముఖానికి బిగిసి, మళ్లీ పాత గుండ్రటి అంచే తయారవుతుంది.

పొడవు ముఖానికి ఇదంతా తిరగేయాలి. అంచు నుదుటి మీదకు ఒక సెంటీమీటరు దిగాలి, నెత్తి మీద ఎత్తు వద్దు, పక్కల్లో గుడ్డ వదులుగా ఉండాలి, పిన్ను గడ్డానికి ఆనుకుని ఉండాలి. చదరపు ముఖానికి పిన్నును గడ్డం కింద కాకుండా చెవి వైపు పెడితే అంచు ఏటవాలుగా వచ్చి ఒక దవడ మూలను దాచేస్తుంది. నుదురు వెడల్పుగా, గడ్డం సన్నగా ఉన్నవాళ్లకు దవడ పక్కన ఒకటి రెండు వదులు మడతలు సరిపోతాయి.

ఎదురు ఫొటో చెప్పలేనివీ ఉన్నాయి. పక్కనుంచి చూస్తే నెత్తి ఎత్తు ఎలా ఉందో అందులో తెలియదు. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు వాటి కాడలు కణతల దగ్గర కుచ్చును నెట్టేస్తాయి. వాళ్లు ఫొటో కూడా అద్దాలతోనే దిగాలి, కాడలు క్యాప్ పైనుంచి వచ్చేలా ముందే సర్దుకోవాలి.

కట్టిన వెంటనే తీసిన ఫొటోతో తృప్తి పడకండి. ఒక గంట ఇంటిపని చేసుకుని, సర్దుకోకుండా, అదే చోట నిలబడి రెండో ఫొటో తీసి మళ్లీ భాగించండి. మొదటి ఫొటోలో 1.35 ఉన్నది రెండోదాంట్లో 1.2కి పడిపోతే, కణత దగ్గరి కుచ్చు జారిందని అర్థం. అక్కడ ఒక్కో పక్క ఒక చిన్న పిన్ను క్యాప్‌కు కలిపి పెట్టండి. గంట తర్వాత కూడా అంచు నిలిచిన చోట్లు తేలాక, క్యాప్ మీద నుదుటి మధ్యన ఒకటి, కణతల దగ్గర చెరొకటి అదే రంగు దారంతో కుట్టు వేసుకోండి. ఇక రోజూ కొలవక్కర్లేదు.