ఏడు రోజుల్లో మెమొరీ యూనిట్‌పై పట్టు

కంప్యూటర్ ఆర్గనైజేషన్ పరీక్షకు వారమే ఉండి, మెమొరీ పాఠాలే కొరుకుడుపడకపోతే మొదటి నాలుగు రోజులు వాటికే ఇవ్వాలి. మొదటి రోజు రిజిస్టర్ల నుంచి డిస్కు దాకా ఏది వేగం, ఏది చవక, క్యాష్ ఎందుకు అవసరమైందో చదవండి.

రెండు, మూడు రోజులు క్యాష్ మ్యాపింగ్ లెక్కలకే. ఒక లెక్క చూద్దాం. మెయిన్ మెమొరీ 64 కేబీ, క్యాష్ 4 కేబీ, బ్లాక్ 16 బైట్లు. 64 కేబీ అంటే 2^16 బైట్లు కాబట్టి అడ్రస్‌కు 16 బిట్లు. బ్లాక్‌లోని బైటును గుర్తించడానికి 4 బిట్లు. క్యాష్‌లో 256 లైన్లున్నాయి కనుక డైరెక్ట్ మ్యాపింగ్‌లో లైన్ నంబరుకు 8 బిట్లు, మిగిలిన 4 ట్యాగ్.

మూడో రోజు ఇదే లెక్కను టూ-వే సెట్ అసోసియేటివ్‌కు మార్చండి. సెట్‌కు రెండు లైన్లు కాబట్టి సెట్లు 128, సెట్ నంబరుకు 7 బిట్లు, ట్యాగ్‌కు 5. చాలామంది లైన్లను రెండుతో భాగించడం మరిచి ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మూడు భాగాల మొత్తం 16 రావడం ఒక్కటే చాలదు, 4+8+4 కూడా 16 అవుతుంది. అందుకే సెట్ల సంఖ్యను విడిగా సరిచూసుకోవాలి.

నాలుగో రోజు వర్చువల్ మెమొరీ. పేజీ 4 కేబీ అయితే ఆఫ్‌సెట్ 12 బిట్లు. అడ్రస్ మార్పిడిలో అది మారదు, పేజీ నంబరు స్థానంలో ఫ్రేమ్ నంబరు వస్తుంది.

అయిదో రోజు మిగతా యూనిట్లు తిరగేయండి. ఆరో రోజు గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రం రాయండి. ఏడో రోజు కొత్త పాఠం ముట్టుకోకుండా, అందులో తప్పిన లెక్కలనే పుస్తకం చూడకుండా మళ్లీ చేయండి.