మింగిన మాత్ర ముందుగా కాలేయానికే

ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. ఏడు ఐరన్ మాత్రలు పోగా, మిగిలిన 21లోనే హార్మోన్లుంటాయి. ఒక్కో మాత్రలో కృత్రిమ ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములే. ఇంత కొద్ది మందు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును ఎలా పెంచుతుంది?

పేగులు పీల్చుకున్న మందు ఒళ్లంతా పాకే ముందు కాలేయం గుండా వెళ్లాలి. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో చాలావాటిని, అది అతి కాకుండా ఆపేవాటిని కూడా తయారుచేసేది కాలేయమే. ఈస్ట్రోజెన్ తాకిడికి అది ఫైబ్రినోజెన్, ప్రోత్రాంబిన్ వంటివాటిని ఎక్కువ చేస్తుంది. అడ్డుకట్ట వేసే ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్‌లను తగ్గిస్తుంది. ఒకవైపు యాక్సిలరేటర్ తొక్కుతూ మరోవైపు బ్రేకు వదిలేసినట్టన్నమాట. పైగా ఈ కృత్రిమ హార్మోన్ కాలేయంలో త్వరగా విచ్ఛిన్నం కాదు. అందుకే దీన్ని చర్మంపై అంటించే పట్టీగా వాడినా ముప్పు తప్పదు.

గర్భిణిలో ఇదే మార్పు సహజంగా, మరింత బలంగా వస్తుంది. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంటుంది. కాన్పులో మాయ ఊడివచ్చిన చోట ఆ రక్తస్రావం ఆగాలంటే గర్భాశయం బిగుసుకోవడంతో పాటు రక్తమూ చప్పున గడ్డకట్టాలి. ఆ ఏర్పాటుకు మూల్యం సిరల్లో గడ్డలు. పెరిగిన గర్భాశయం సిరలను నొక్కడం వల్ల కాళ్లలో రక్తం నెమ్మదించి ముప్పు ఇంకా పెరుగుతుంది.

అంకెల్లో చూద్దాం. మాత్ర వాడని, గర్భం లేని పదివేల మంది యువతుల్లో ఏడాదికి 1 నుంచి 5 మందికి ఇలా గడ్డ కడుతుంది. మాత్ర వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కాన్పు తర్వాతి 12 వారాల్లో ఆ రేటు 40 నుంచి 65. అంటే మాత్ర కంటే గర్భం, గర్భం కంటే బాలింతకాలం ఎక్కువ ప్రమాదకరం. అందుకే కాన్పయిన తొలి వారాల్లో ఈ మాత్ర ఇవ్వరు.

మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ముప్పు ఎక్కువ. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెడితే, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాలి గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. తమకు గానీ తల్లికి, తోబుట్టువులకు గానీ గతంలో ఇలా గడ్డ కట్టి ఉంటే, ఆ సంగతి మాత్ర మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పాలి. అలాంటివారికి ఈస్ట్రోజెన్ లేని కాపర్-టీ వంటి మార్గాలున్నాయి.